వల వదులైతే కంచె దండగే

మదనపల్లె: పశువుల బెడద తప్పించుకునేందుకు టమోటా, మామిడి తోటల చుట్టూ రైతులు చైన్‌లింక్ వల వేయించుకుంటున్నారు. అయితే దానిని సరిగా లాగి బిగించకపోతే కొన్నాళ్లకే స్తంభాల నడుమ జారి వేలాడుతుంది. పశువులు వలను తొక్కుకుంటూ లోనికి చొరబడతాయి. వల అంచును కట్టుతీగతో నేరుగా మూలస్తంభానికి ముడివేయడమే ఇందుకు ప్రధాన కారణం. అలా చేస్తే లాగుడు భారమంతా నాలుగైదు ముడులపైనే పడి, అక్కడి గళ్లు సాగిపోతాయి.

భారం మోసేది పట్టీయే

ఈ భారాన్ని వల ఎత్తు పొడవునా సమానంగా పంచేదే టెన్షన్ బార్. ఇది సుమారు 20 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం గల ఇనుప పట్టీ. దీనిని వల చివరి గళ్ల వరుసలో పైనుంచి కిందికి దూర్చి, క్లాంపులు, బోల్టులతో మూలస్తంభానికి బిగించాలి. 5 అడుగుల వలకు 4 క్లాంపులు అవసరం.

లాగే విధానం

ఉదాహరణకు 100 అడుగుల వరుసకు 10 అడుగులకొకటి చొప్పున 11 స్తంభాలు కావాలి. చివరి రెండింటికీ ఏటవాలు ఊతలు తప్పనిసరి. కాంక్రీటును కనీసం వారం రోజులు తడిపి గట్టిపడనిచ్చాకే వల లాగాలి. 50 అడుగుల చుట్టలు రెండైతే, ఒక తీగను మెలితిప్పుతూ రెండు అంచుల గళ్లలో ఎక్కించి కలిపేయాలి.

ఒక చివర పట్టీ బిగించాక, వలను మధ్య స్తంభాలకు వదులుగా తగిలించాలి. రెండో చివర మూలస్తంభానికి 3 అడుగుల ఇవతల మరో పట్టీని తాత్కాలికంగా దూర్చి, దానికీ స్తంభానికీ నడుమ చేతి పుల్లర్ తగిలించి నెమ్మదిగా లాగాలి. ఆ సమయంలో లాగుతున్న వరుసకు ఎదురుగా ఎవరూ నిలబడరాదు.

గడిని చేత్తో నొక్కితే పావు అంగుళానికి మించి కదలకపోతే బిగువు చాలినట్లే. ఇంకా లాగితే గళ్లు సన్నబడి వల ఎత్తు తగ్గుతుంది, స్తంభం ఒరుగుతుంది. మిగిలిన వలను అడ్డంగా కోయరాదు. ఒక తీగ పై, కింది కొసల మడత విప్పి, మరలా తిప్పుతూ పైకి లాగితే వల రెండుగా విడిపోతుంది. అనంతరం చివరి గళ్లలో పట్టీ దూర్చి, మూలస్తంభానికి బిగించాకే పుల్లర్ వదలాలి.

చివరగా కట్టుతీగ

కట్టుతీగ పని వలను నిలబెట్టడమే తప్ప లాగడం కాదు. కాబట్టి బిగువు కుదిరాకే ముడులు వేయాలి. మధ్య స్తంభాలకు అడుగుకొకటి చొప్పున అయిదేసి వేస్తే, 9 స్తంభాలకు 45 ముడులవుతాయి. పై, కింది అడ్డతీగలకు 2 అడుగులకొకటి చాలు. తీగ కొసలు పశువులకు గీరుకోకుండా లోనికి మడవాలి.

ఒకే లాగుడులో వలను మూల తిప్పరాదు. ప్రతి మూల వద్ద పట్టీతో ముగించి, మరో పట్టీతో కొత్త వరుస మొదలుపెట్టాలి.