కథ వేరు, కథనం వేరు

‘కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?’ 2015 జూలై 10న ‘బాహుబలి’ మొదటి భాగం చూసి బయటికొచ్చిన ప్రేక్షకుడి నోట మొదలైన ఈ ప్రశ్నకు జవాబు దొరికింది 2017 ఏప్రిల్ 28న, రెండో భాగం విడుదలయ్యాక. దాదాపు 21 నెలల పాటు జనం నోళ్లలో నానిన ఈ ప్రశ్నను పుట్టించింది కథ కాదు, స్క్రీన్‌ప్లే. సినిమా పేజీల్లో రోజూ కనిపించే ఈ మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇదే కథను అమ్మమ్మ పిల్లలకు చెప్తే ఎలా చెప్తుంది? అన్నదమ్ముల బిడ్డలు ఇద్దరు ఒకే కోటలో పెరిగారు, కాలకేయులతో యుద్ధం వచ్చింది, ఒకడికి సింహాసనం దక్కింది, మంచివాణ్ని కుట్ర చేసి చంపించారు, పసిబిడ్డను చేతపట్టుకుని రాజమాత పారిపోయింది, ఆ బిడ్డ పెరిగి పగ తీర్చుకున్నాడు. జరిగింది జరిగినట్టు వరసగా చెప్తుంది. ఇది కథ. టైటిల్స్‌లో దీనికి విజయేంద్రప్రసాద్ పేరు పడింది.

తెర మీద వరస అది కాదు. సినిమా మొదలవడమే శివగామి బాణపు గాయంతో, పసిబిడ్డతో నది దాటబోవడంతో మొదలవుతుంది. అమ్మమ్మ చెప్పే కథలో అది దాదాపు చివరికొచ్చే ఘట్టం. ఆ బిడ్డ శివుడై జలపాతం కింద పెరుగుతాడు, కొండ ఎక్కుతాడు, దేవసేనను విడిపిస్తాడు. అప్పుడుగాని కట్టప్ప అతని ముఖం చూసి గుర్తుపట్టడు. పాత సంగతులు కట్టప్ప నోటే చెప్పిస్తూ, చంపింది తానేనని అతను ఒప్పుకున్నచోట మొదటి భాగం ఆపేశారు. ఏ ఘట్టం ముందు చూపాలి, ఏది దాచాలి, దాచింది ఎప్పుడు విప్పాలి అని నిర్ణయించేదే స్క్రీన్‌ప్లే. పాత సినిమాల టైటిల్స్‌లో దీన్నే చిత్రానువాదం అనేవారు, ఇప్పుడు కథనం అంటున్నారు. ‘బాహుబలి’కి ఆ పని చేసింది రాజమౌళి. పాత్రల సంభాషణ రాయడం మళ్లీ వేరే పని. ‘మాటలు’ అని దానికి వేరే పేర్లు పడతాయి. అందుకే ‘కథ బాగుంది, కథనం తేలిపోయింది’ అని సమీక్షకులు రాస్తే ఒకే మాటను రెండుసార్లు అన్నట్టు కాదు.

తారాగణం, అంటే క్యాస్ట్, సినిమాలో నటించిన వాళ్లందరూ. ప్రభాస్, రానా, అనుష్క, తమన్నా, రమ్యకృష్ణ, సత్యరాజ్, నాజర్ ఇందులో ప్రధాన తారాగణం. కన్నడ నటుడు సుదీప్ మాత్రం కాసేపే కనిపిస్తాడు, కత్తులమ్మే అస్లాం ఖాన్‌గా. పేరున్న నటుడు ఇలా కాసేపు మెరిసి వెళ్లిపోవడమే క్యామియో. మనవాళ్లు అతిథి పాత్ర అంటారు. చాలా సినిమాల్లో ఇది ఈలల కోసమే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. నిన్ను బానిసత్వం నుంచి విడిపిస్తానని అస్లాం ఖాన్ అంటే, సింహాసనానికి మా పూర్వీకులిచ్చిన మాట తప్పలేనని కట్టప్ప కాదంటాడు. బాహుబలిని అతనెందుకు చంపాల్సి వచ్చిందో సగం జవాబు ఆ సన్నివేశంలోనే ఉంది. మొదటిసారి చూస్తూ నేను పట్టించుకోలేదు, చాలామంది పట్టించుకుని ఉండరు.

రెండో భాగాన్ని సీక్వెల్ అని రాయడం నాకు సరిగా అనిపించదు. సీక్వెల్ అంటే ఒక సినిమా కథ ముగిశాక, ఆ పాత్రలతోనే తర్వాత అల్లే మరో కథ. 2014లో వచ్చిన ‘కార్తికేయ’లో రహస్యం ఆ సినిమాలోనే తేలిపోయింది. 2022లో ‘కార్తికేయ 2’ అదే హీరోను కొత్త అన్వేషణకు పంపింది. అది సీక్వెల్. ‘బాహుబలి’ ఒకే కథను రెండుగా కోసి చూపించిన సినిమా. పైగా రెండో భాగంలో ఎక్కువసేపు నడిచేది శివుడు పెరగడానికి ముందు కథే. విడుదలలో తర్వాతది, కాలంలో ముందుది.

ఇక ప్రీమియర్. అది విడుదల కాదు, విడుదలకు ముందు వేసే తొలి ప్రదర్శన. ఒకప్పుడు ఆహ్వానితులకే వేసేవారు. ఇప్పుడు ముందురోజు రాత్రి టికెట్టు కొనుక్కుని చూసే ఆటలనూ ప్రీమియర్లనే అంటున్నారు. రెండో భాగానికి ముంబయిలో 2017 ఏప్రిల్ 27న ప్రీమియర్ పెట్టుకున్నారు. అదే రోజు నటుడు వినోద్ ఖన్నా కన్నుమూయడంతో ఆయన మీద గౌరవంతో దాన్ని రద్దు చేశారు. విడుదల మాత్రం మర్నాడు అనుకున్నట్టే జరిగింది.

రెండు భాగాలనూ కలిపి, కుదించి, ‘బాహుబలి: ది ఎపిక్’ పేరుతో ఒకే సినిమాగా 2025 అక్టోబర్ 31న విడుదల చేశారు. అందులో ఆ ప్రశ్నకు జవాబు ఒకే కూర్చోలో దొరుకుతుంది.