రెండేళ్ళ ఎత్తుకు రెట్టింపు: ఎంతవరకు నిజం?

"రెండేళ్ళప్పుడు ఎంత ఎత్తుంటే పెద్దయ్యాక దానికి రెట్టింపు అవుతారు" అనే మాట మీరు వినే ఉంటారు. అందులో కొంత నిజముంది. కానీ అది మగపిల్లలకు సరిపోయినట్లు ఆడపిల్లలకు సరిపోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం రెండేళ్ళ బాబు సగటు ఎత్తు సుమారు 87 సెం.మీ. రెట్టింపు చేస్తే 174. పెద్దయ్యాక సగటు సుమారు 176. లెక్క దాదాపు కుదిరింది. రెండేళ్ళ పాప సగటు ఎత్తు సుమారు 86. రెట్టింపు చేస్తే 172. కానీ పెద్దయ్యాక సగటు 163 మాత్రమే. ఆడపిల్లలు త్వరగా ఎదిగి, త్వరగా ఆగిపోతారు. రెండేళ్ళకే సగం దాటేస్తారు. అందుకే వారికి రెట్టింపు చేసి, 8 సెం.మీ. తీసివేయాలి.

ఒక ఉదాహరణ

పాప ఎత్తు 82 సెం.మీ. అనుకోండి. రెట్టింపు 164, 8 తీస్తే 156. ఇప్పుడు తల్లిదండ్రుల ఎత్తు చూద్దాం. తండ్రి 165, తల్లి 152. రెండూ కలిపి, ఆడపిల్ల కనుక 13 తీసి, సగం చేస్తే 152 వస్తుంది. (మగపిల్లవాడైతే 13 కలపాలి.) కాబట్టి ఈ పాప 152-156 మధ్య ఉండవచ్చు. ఇది అంచనాయే. అసలు ఎత్తు 8 సెం.మీ. ఎక్కువైనా, తక్కువైనా ఆశ్చర్యం లేదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

రెట్టింపు చేసినప్పుడు పొరపాటు కూడా రెట్టింపు అవుతుంది. బిడ్డకు నిజంగా 2 ఏళ్ళ 3 నెలలు ఉండి, మీరు రెండేళ్ళే అనుకుంటే ఎత్తు సుమారు 2.5 సెం.మీ. ఎక్కువ కనబడుతుంది. అంచనాలో అది 5 సెం.మీ. అవుతుంది. అందుకే జనన ధృవపత్రంలోని తేదీనే చూడండి. చెప్పులు విప్పించి, మడమలు, పిరుదులు గోడకు ఆనేటట్లు నిలబెట్టి, తలపై అట్టను అడ్డంగా పెట్టి కొలవండి. పడుకోబెట్టి కొలిస్తే సుమారు 0.7 సెం.మీ. ఎక్కువ వస్తుంది.

నెలలు నిండక పుట్టిన బిడ్డకు, తరచు విరేచనాలతో చిక్కిపోయిన బిడ్డకు ఈ లెక్క వర్తించదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీరు తాగిన నల్లగొండ జిల్లా గ్రామాల్లో కొందరు పిల్లలకు ఎముకలు దెబ్బతిని కాళ్ళు వంకర తిరిగాయి. కాళ్ళు వంగితే ఎత్తు తగ్గుతుంది. రెండేళ్ళప్పటి కొలత ఆ సంగతి ముందుగా చెప్పలేదు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ఒక్క కొలతతో భయపడకండి, సంబరపడకండి. ఆరు నెలలకొకసారి కొలిచి తేదీతో రాసి ఉంచండి. మూడేళ్ళు దాటాక ఏడాదికి 5 సెం.మీ. కూడా పెరగకపోయినా, అంగన్‌వాడీ చార్టులో బిడ్డ గీత కిందికి జారుతున్నా, కాళ్ళు వంగుతున్నా ఆ కాగితం తీసుకొని పిల్లల డాక్టరు దగ్గరకు రండి.