ఒక్క జవాబే ఉండే ప్రశ్న

“అమృతం సీరియల్లో అమృతరావు వేషం వేసింది ఎవరు?” పండక్కి అందరూ కలిసినప్పుడు ఇంట్లో టీవీ క్విజ్ పెడదామనుకునేవాళ్లు మొదట రాసుకునే ప్రశ్నల్లో ఇదొకటి. జెమినీ టీవీలో 2001లో మొదలైన ఆ సీరియల్‌ను చూడని తెలుగిల్లు తక్కువ కాబట్టి ప్రశ్న బాగానే ఉందనిపిస్తుంది. కానీ అడగ్గానే బాబాయి శివాజీరాజా అంటాడు, అత్తయ్య నరేశ్ అంటుంది, వెనకనుంచి ఇంకొకరు హర్షవర్ధన్ అంటారు. ముగ్గురూ చెప్పింది నిజమే. ఆ పాత్రను ఒకరి తర్వాత ఒకరు ముగ్గురూ వేశారు. క్విజ్ మాస్టర్ దగ్గర రాసుకున్న జవాబు ఒక్కటే ఉంటే, మార్కులు ఎవరికివ్వాలో తేలక ఆట అక్కడే ఆగిపోతుంది.

అదే ప్రశ్నను కొంచెం తిప్పి, “అమృతంలో నటుడు మారకుండా సాగిన ఆంజనేయులు పాత్ర ఎవరిది?” అని అడిగితే గుండు హనుమంతరావు అనే ఒక్క జవాబే ఉంటుంది. క్విజ్ మాస్టర్ స్క్రిప్టులో అసలు పనంతా ఈ తిప్పడంలోనే ఉంది. ప్రశ్నలు పోగేయడం ఒక సాయంత్రం పని. ఒక్కో ప్రశ్నకూ ఒక్కటే జవాబు మిగిలేలా చెక్కడానికి మాత్రం రోజులు పడుతుంది.

టీవీ ప్రశ్నలకు ఈ చిక్కు మరీ ఎక్కువ. నటులు మారతారు, యాంకర్లు మారతారు. “తెలుగు బిగ్ బాస్ నడిపేది ఎవరు?” అంటే ఏ ఏడాది చూసినవాళ్లు ఆ ఏడాది పేరు చెబుతారు. “2017లో వచ్చిన తెలుగు బిగ్ బాస్ మొదటి సీజన్‌ను నడిపింది ఎవరు?” అంటే జూనియర్ ఎన్టీఆర్ ఒక్కడే. స్క్రిప్టులో ‘ఇప్పుడు’, ‘మొట్టమొదటి’ అనే మాటలు ఎక్కడ కనిపించినా అక్కడ కాసేపు ఆగి చూసుకోవాలి. “మన రాష్ట్రానికి టీవీ ఎప్పుడొచ్చింది?” అన్న ప్రశ్ననే తీసుకోండి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది కాబట్టి చాలామంది ఆ సంవత్సరమే జవాబుగా రాసుకుంటారు. కానీ 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. ఊరి ఉమ్మడి టీవీ ముందు కూర్చుని వాటిని చూసిన తాతయ్య ఒకాయన ఆ రాత్రి మీ ఎదురుగా ఉండి 1975 అంటే, ఆయన్ని తప్పనే హక్కు మీకు లేదు. “హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ఏ సంవత్సరంలో మొదలైంది?” అని అడిగితే ఆ పేచీ ఉండదు.

ఇక వయసుల వారీ రౌండ్లు. పిల్లలకు తేలిక, పెద్దలకు కష్టం అని గీత గీసుకుని రాస్తే స్క్రిప్టు చెడుతుంది. టీవీ విషయంలో ఎవరెంత తెలివైనవారన్న దానికంటే, ఎవరు ఏ కాలంలో మనసు పెట్టి చూశారన్నదే లెక్క. ముప్పై అయిదు, నలభై ఏళ్లవాళ్లకు బడి రోజుల్లో చూసింది గట్టిగా గుర్తుంటుంది. 1995లో ఈటీవీ రావడం, మరుసటి ఏడాది అందులో బాలసుబ్రహ్మణ్యం ‘పాడుతా తీయగా’ మొదలవడం, 1997లో దూరదర్శన్‌లో వచ్చిన శక్తిమాన్ వాళ్లవి. అమ్మమ్మల, తాతయ్యల సంగతి వేరు. వాళ్ల చిన్నతనంలో ఇళ్లలో టీవీ లేదు. ముప్పై దాటాక, చాలాసార్లు పక్కింట్లో కూర్చుని చూశారు. అందుకే వాళ్ల రౌండులో ప్రశ్నలు 1987 జనవరిలో మొదలైన రామానంద్ సాగర్ రామాయణం చుట్టూ, 1988 అక్టోబరులో మొదలైన బి.ఆర్. చోప్రా మహాభారతం చుట్టూ తిరగాలి. అవి వచ్చింది హిందీలో. మాటలు అర్థం కాకపోయినా కథ తెలుసు కనుక చూశారు. వాళ్లను డైలాగు చెప్పమంటే నోరు పెగలదు. రామాయణం ఏ రోజు ఉదయం వచ్చేదని అడగండి, ఆదివారమని ఠక్కున చెబుతారు. హనుమంతుడి వేషం ఎవరిదంటే దారాసింగ్ పేరూ వస్తుంది. ఈ రౌండులో ప్రశ్నను టీవీ తెర మీద చిన్న అక్షరాల్లో చూపించవద్దు. గట్టిగా, రెండుసార్లు చదవండి.

పిల్లల రౌండులో చదవడం ఇంకా రానివాళ్లూ ఉంటారు. బొమ్మ చూపించి, “ఛోటా భీమ్‌కు ఏం తింటే బలమొస్తుంది?” అంటే అయిదేళ్లవాడు లడ్డూ అంటాడు. అదే భీమ్‌ను తయారుచేసే సంస్థ ఏ నగరంలో ఉందన్నది పన్నెండేళ్లవాళ్ల ప్రశ్న. అది మన హైదరాబాదే అని తెలిసి పెద్దవాళ్లు కూడా ఆశ్చర్యపోతారు. పిల్లలతో నోటి జవాబులు వద్దు. ఒకడు అరవగానే మిగతావాళ్లు అదే అంటారు. అందరికీ పలకలు ఇచ్చి, రాసినదాన్నో గీసినదాన్నో ఒక్కసారే ఎత్తమనాలి.

అన్నిటికంటే శ్రద్ధగా రాయాల్సింది చివరి ఉమ్మడి రౌండు. ప్రశ్నలో సగం ఒక తరం దగ్గర, సగం ఇంకో తరం దగ్గర ఉండాలి. స్క్రిప్టులో అలాంటి ఒక పేజీ ఇలా ఉంటుంది.

ప్రశ్న: “శక్తిమాన్‌గా వేసిన నటుడే అంతకుముందు బి.ఆర్. చోప్రా మహాభారతంలో ఒక పెద్ద పాత్ర వేశాడు. ఆ పాత్ర ఏది?”
జవాబు: భీష్ముడు. ‘భీష్మ పితామహుడు’, ‘దేవవ్రతుడు’ అన్నా ఒప్పుకోవాలి.
సమయం: 40 సెకన్లు, జట్టులో మాట్లాడుకోవచ్చు.
మార్కులు: 10. నటుడు ముఖేష్ ఖన్నా అని మాత్రమే చెబితే 5.
చెప్పాల్సిన మాట: “పిన్నీ, శక్తిమాన్ ఎవరో మీకు తెలుసు. అమ్మమ్మగారూ, ఆ ముఖం మీరు ఇంకెక్కడో చూశారు.”

ఇక్కడ పిన్ని నటుడి పేరు చెప్పాలి, అమ్మమ్మ ఆయన్ని గడ్డంతో గుర్తుపట్టాలి. ఒక్కరివల్ల తేలదు. ఒప్పుకోదగ్గ జవాబులు, సగం మార్కుల సంగతి ముందే కాగితం మీద ఉంటే, అప్పటికప్పుడు తీర్పులు మార్చారన్న మాట రాదు. ఇలాంటి పేజీకి చదవడం, ఆలోచించడం, తర్వాత కాసిన్ని జ్ఞాపకాల ముచ్చట్లు కలిపి రెండు నిమిషాలు వేసుకోండి. నాలుగు రౌండ్లు, రౌండుకు ఆరు ప్రశ్నలు అంటే ముప్పావుగంట. అంతకుమించితే పిల్లలు కూర్చోరు.

రెండు జట్లు సమానంగా నిలిస్తే తేల్చడానికి, ఎవరికీ కచ్చితంగా తెలియని అంకె అడగాలి. “చోప్రా మహాభారతం మొత్తం ఎన్ని ఎపిసోడ్లు?” జవాబు 94. రెండు జట్లూ కాగితం మీద రాసి ఒకేసారి చూపించాలి. ఊరికే దగ్గరగా ఉన్నవాళ్లు గెలుస్తారని చెబితే ఒకరు 90, ఒకరు 98 రాసే ప్రమాదముంది. “94ను దాటకుండా దగ్గరగా ఉన్నవాళ్లు” అని స్క్రిప్టులో రాసుకుని, జవాబు బయటపెట్టకుండా “అసలు అంకెను దాటకూడదు” అని ముందే చదివి వినిపించాలి. ఇద్దరూ దాటేస్తే అడగడానికి ఇంకో అంకె ప్రశ్న పక్కన ఉండాలి.

ఇరవై నాలుగు ప్రశ్నలు కావాలంటే ముప్పై రాయండి. ఆ రాత్రి ఆటలో ఉండని ఒకరికి అన్నీ చదివి వినిపించండి. వాళ్లు “ఏ సీజన్?”, “ఏ ఛానెల్?” అని ఎదురు ప్రశ్న వేస్తే ఆ ప్రశ్నను తిరగరాయండి, లేదంటే కొట్టేయండి.