115 వాట్లకు ఉన్న షరతు

2N3055 పాత ట్రాన్సిస్టరే అయినా పవర్ సప్లైలు కట్టేవాళ్లు ఇప్పటికీ దాన్నే అడుగుతారు. దాని డేటాషీట్ మొదటి పేజీలో మూడు హద్దులు కనిపిస్తాయి: 60 వోల్టులు, 15 ఆంపియర్లు, 115 వాట్లు. మొదటి రెండూ గుణిస్తే 900 వాట్లు వస్తుంది కాబట్టి ఆ రెండు హద్దులనూ ఒకేసారి అందుకోవడం కుదరదు. ఇక 115 వాట్లకు కూడా పక్కనే ఒక షరతు ఉంటుంది: కేసు ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉండాలి.

కేసు అంటే పైనున్న లోహపు డొప్ప. ఎండాకాలంలో మన గదిలో గాలే 40 డిగ్రీలుంటుంది, పనిచేస్తున్న ట్రాన్సిస్టర్ డొప్ప అంతకన్నా చల్లగా ఎలా ఉంటుంది? 25 దాటిన ప్రతి డిగ్రీకీ 0.657 వాట్ తగ్గించుకోవాలని డేటాషీటే చెబుతుంది. డొప్ప 100 డిగ్రీలకు చేరితే మిగిలేది సుమారు 66 వాట్లే.

30 వోల్టులు, 3 ఆంపియర్ల లీనియర్ పవర్ సప్లై కడుతున్నారనుకుందాం. లోపలికి 40 వోల్టులు వస్తాయి. 30 వోల్టులు బయటికిస్తే ట్రాన్సిస్టర్ మీద మిగిలేవి 10 వోల్టులు, పుట్టే వేడి 30 వాట్లు. అదే 5 వోల్టులకు తిప్పితే వేడి 105 వాట్లవుతుంది. బయటి తీగలు తగిలి షార్ట్ అయితే, కరెంటును 3 ఆంపియర్ల దగ్గర ఆపినా, 40 వోల్టులూ ట్రాన్సిస్టరే మోయాలి. అంటే 120 వాట్లు. డొప్ప చల్లగా ఉన్నా అది హద్దు దాటినట్టే.

ఇలాంటి సందర్భాల కోసమే సురక్షిత పరిధి గ్రాఫ్ ఇస్తారు. అడ్డంగా వోల్టేజీ, నిలువుగా కరెంటు. పైన 15 ఆంపియర్ల గీత, కుడివైపు 60 వోల్టుల గీత, వాటిని కలుపుతూ 115 వాట్ల వాలు. 40 వోల్టులు దాటాక ఆ వాలు మరింత నిటారుగా కిందికి దిగుతుంది. కారణం సెకండ్ బ్రేక్‌డౌన్. సిలికాన్‌లో ఒకచోట వేడి పెరిగితే కరెంటు అటే మళ్లుతుంది, దాంతో ఆ చోటు ఇంకా వేడెక్కుతుంది. మొత్తం వాట్లు హద్దులోనే ఉన్నా అక్కడ కరిగి కలెక్టర్, ఎమిటర్ కలిసిపోవచ్చు. మల్టీమీటర్‌తో చూస్తే ఆ రెండింటి మధ్య ఎటు పెట్టినా బీప్ వస్తుంది. అలా పోయిన ట్రాన్సిస్టర్ 40 వోల్టులనూ నేరుగా బయటికి వదిలేస్తుంది, తగిలించిన పరికరం కూడా కాలిపోతుంది.

ఈ సప్లైకి మూడు 2N3055లను పక్కపక్కనే కలపడం సరైన మార్గం. కరెంటు సమంగా పంచుకోవడానికి ఒక్కోదాని ఎమిటర్‌కు 0.22 ఓమ్ రెసిస్టర్ పెట్టాలి. అప్పుడు షార్ట్ అయినా ఒక్కోదాని వంతు దాదాపు 40 వాట్లు. లోపలి సిలికాన్ డొప్ప కన్నా వాట్‌కు 1.52 డిగ్రీల చొప్పున, అంటే 61 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. దాని గరిష్ఠం 200 డిగ్రీలైనా 150 దాటనివ్వకపోవడం మేలు. కాబట్టి డొప్ప 89 డిగ్రీల లోపే ఉండాలి, అందుకు పెద్ద హీట్‌సింక్‌తో పాటు ఫ్యాన్ కూడా కావాలి.

ఇదే నంబరుతో చాలా కంపెనీలు ట్రాన్సిస్టర్లు తయారుచేస్తాయి, వాటి గ్రాఫులన్నీ ఒకేలా ఉండవు. చేతిలో ఉన్నది ఏ కంపెనీదో, ఆ కంపెనీ డేటాషీటే తెరిచి చూడండి.