మొదటి పత్రానికీ చివరి పత్రానికీ ఒకే కొలత: ఫొటోల మూల్యాంకనంలో నిలకడ ఎలా సాధ్యం?

ఒక ప్రశ్నకు ఇద్దరు విద్యార్థులు దాదాపు ఒకే సమాధానం రాశారు. ఒకరి జవాబు పత్రం దిద్దే వరుసలో ఆరోది, మరొకరిది యాభై రెండోది. ఆరో పత్రానికి 8కి 4 మార్కులు వచ్చాయి, యాభై రెండో పత్రానికి 6 వచ్చాయి. రెండింటినీ దిద్దినది ఒక్కరే. వారికి ఆ ఇద్దరిలో ఎవరిమీదా ప్రత్యేకమైన అభిమానం గానీ అయిష్టం గానీ లేదు. ఆరో పత్రానికీ యాభై రెండో పత్రానికీ మధ్య మారిపోయినది దిద్దేవారి మనసులోని కొలబద్ద మాత్రమే.

ఈ సమస్య కొత్తది కాదు. ఢాకా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా పనిచేసి, 1929లో భారతదేశంలోని విద్యపై నివేదిక సమర్పించిన సంఘానికి అధ్యక్షత వహించిన ఫిలిప్ హార్టాగ్, ఇ.సి. రోడ్స్‌తో కలిసి 1935లో పరీక్షలనే పరీక్షించిన ఒక అధ్యయనాన్ని ఇంగ్లండులో వెలువరించారు. అందులో 15 చరిత్ర జవాబు పత్రాలను 14 మంది పరీక్షకులు దిద్దారు. ఏడాది మొదలు ఏడాదిన్నర దాటిన వ్యవధి తరువాత అవే పత్రాలను అదే పరీక్షకులకు మళ్లీ ఇచ్చారు. మొత్తం 210 నిర్ణయాలలో 92 సందర్భాలలో పరీక్షకులు తమ తీర్పును తామే మార్చుకున్నారు. అనుత్తీర్ణత, ఉత్తీర్ణత, ఉన్నత శ్రేణి అనే మూడు తరగతులలో ఒకదానిలో ఉంచిన పత్రాన్ని రెండోసారి మరొకదానిలో ఉంచారు. ఒక సాయంత్రం దిద్దే కట్టలో మార్పు ఇంత పెద్దది కాకపోవచ్చు. కానీ దాని స్వభావం ఇదే.

ఫొటోలతో వచ్చే కొత్త చిక్కు

విద్యార్థులు తమ జవాబులను ఫోనుతో ఫొటో తీసి పంపే పద్ధతి ఇప్పుడు బడులలోనూ శిక్షణ కేంద్రాలలోనూ కనిపిస్తోంది. ఇందులో దిద్దేవారు గమనించని ఒక విషయం పత్రాల వరుస. కాగితాల కట్ట సాధారణంగా హాజరు సంఖ్య ప్రకారం ఉంటుంది. ఫొటోలు మాత్రం అందిన వేళను బట్టి పేరుకుంటాయి. వాట్సాప్ ద్వారా వచ్చిన ఫొటోకు IMG-20250314-WA0007.jpg వంటి పేరు ఉంటుంది. అందులో తేదీ, ఆ రోజు వరుస సంఖ్య మాత్రమే ఉంటాయి. ఆ వరుసలోనే దిద్దితే తొందరగా పూర్తిచేసి పంపినవారు ముందు, తడబడినవారూ ఇంటర్నెట్ సరిగా అందనివారూ చివర ఉండవచ్చు. అప్పుడు చివరి పత్రాలకు తక్కువ మార్కులు వస్తే, అది సమాధానాల బలహీనతో, దిద్దేవారి అలసటో తేల్చుకోవడానికి మార్గం ఉండదు.

అందువల్ల మొదటి పని వరుసను కలిపివేయడం. 60 పత్రాలు ఉంటే 1 నుంచి 60 వరకు చీటీలు రాసి, ఒక్కో విద్యార్థికి ఒక్కో చీటీ తీయాలి. విద్యార్థి పేరుకు బదులు ఆ సంఖ్యనే ఫైలుకు పేరుగా పెట్టాలి. నాలుగో ప్రశ్నకు సంబంధించిన ఫొటో అయితే P37-Q4.jpg అని ఉంటే చాలు. పేర్లు, సంఖ్యలు ఉన్న జాబితాను దిద్దడం పూర్తయ్యేవరకు పక్కన ఉంచాలి.

రెండో పని, మార్కులు వేయకుండా ఫొటోలన్నింటినీ ఒకసారి చూడటం. పేజీలన్నీ ఉన్నాయా, అంచున పదాలు తెగిపోయాయా, చేతి నీడ పడిందా అన్నది అప్పుడే తేలాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది కాబట్టి, మసకగా ఉన్నవాటిని డాక్యుమెంట్ రూపంలో మళ్లీ పంపమనవచ్చు. ఎవరెవరిని మళ్లీ అడగాలన్న నియమం మాత్రం అందరికీ ఒకటిగా ఉండాలి. దిద్దుతూ ఉండగా ఏదైనా పదం అర్థం కాకపోతే, రెండింతలు పెద్దదిగా చూసినా తెలియకపోతే, ఊహించి అర మార్కు వేయకూడదు. ఆ పత్రాన్ని విడిగా ఉంచి, చివరలో అలాంటివాటినన్నింటినీ కలిపి పరిశీలించాలి.

ఫొటోలన్నింటినీ నలుపు తెలుపు ప్రతులుగా మార్చితే వెలుతురు తేడాలు తగ్గి, మంచి ఫోను ఉన్నవారి పత్రం మెరుగ్గా కనిపించడం కొంత ఆగుతుంది. అయితే పెన్సిలుతో గీసిన సన్నని గీతలు ఆ మార్పులో చెరిగిపోవచ్చు. పటాలు, బొమ్మలు ఉన్న జవాబులకు అసలు ఫొటోనే చూడాలి.

కొలత స్థిరపడేది ఎక్కడ

తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఒక ప్రశ్నను ఉదాహరణగా తీసుకుందాం. “భూగర్భ జలమట్టం పడిపోవడానికి మూడు కారణాలు వివరించి, రెండు నివారణోపాయాలు సూచించండి” అన్నది ప్రశ్న. మార్కులు 8. మూడు కారణాలకు 3, ఒక్కో కారణం నీటిమట్టాన్ని ఎలా తగ్గిస్తుందో చెప్పినందుకు మరో 3, ఉపాయాలకు 2 అని ఉపాధ్యాయురాలు సూచిక రాసుకున్నారు.

ఈ సూచిక స్పష్టంగానే ఉంది. కానీ ఒక విద్యార్థి “బోర్లు ఎక్కువయ్యాయి, అందువల్ల నీరు తగ్గింది” అని రాశాడు. ఇది కారణం మాత్రమేనా, వివరణ కూడానా? వానలకు నేలలో ఇంకే నీటికంటే బోర్లు తోడే నీరు ఎక్కువైతే మట్టం పడిపోతుందన్నది అసలు వివరణ. ఆ మాట ఈ వాక్యంలో లేదు. నిలకడ తప్పేది సరిగ్గా ఇటువంటి వాక్యాల దగ్గరే. ఆరో పత్రం దగ్గర ఉపాధ్యాయురాలు వివరణ లేదని గమనించారు. యాభై పత్రాలు చదివేసరికి ఆ వివరణ ఆమెకు కంఠస్థమైపోయింది. విద్యార్థి రాయని సగాన్ని ఆమె మనసే పూరించింది, మార్కు పడింది.

దీనికి విరుగుడు నిర్ణయాల పట్టిక. సూచికలో లేని సందేహం మొదటిసారి ఎదురైన వెంటనే, విద్యార్థి రాసిన మాటలతో సహా తీర్పును ఒక వాక్యంలో రాసుకోవాలి. “‘బోర్లు ఎక్కువయ్యాయి, నీరు తగ్గింది’: కారణానికి 1, వివరణకు 0” అన్నంత క్లుప్తంగా ఉంటే సరిపోతుంది. అదే మాట మళ్లీ వచ్చినప్పుడు కొత్తగా ఆలోచించకుండా పట్టికను చూడాలి.

దీనితో పాటు మూడు ప్రామాణిక పత్రాలు కావాలి. ముందుగా పదింటిని మార్కులు వేయకుండా చదివి, సూచిక ప్రకారం 3, 5, 7 మార్కులకు తగినవాటిని ఒక్కొక్కటి ఎంచుకోవాలి. ఆ ఫొటోలను విడి ఫోల్డరులో ఉంచి, పదిహేను పత్రాలు దిద్దిన ప్రతిసారీ కాస్త విరామం తీసుకుని మళ్లీ చదవాలి. ఇప్పుడే చదివిన అద్భుతమైన జవాబు తరువాతి మామూలు జవాబును నిజానికంటే బలహీనంగా చూపిస్తుంది. ప్రామాణిక పత్రాలను మళ్లీ చదవడం వల్ల పోలిక పక్క పత్రంతో కాకుండా నిర్ణీత స్థాయితో జరుగుతుంది.

ఒక విద్యార్థి జవాబులన్నీ వరుసగా దిద్దడం కంటే, అందరి నాలుగో ప్రశ్ననూ పూర్తిచేసి, తరువాత అందరి ఐదో ప్రశ్ననూ మరో వరుసలో దిద్దడం మేలు. అప్పుడు ప్రతి ప్రశ్నలోనూ చివర్లో పడే నష్టం ఒకే విద్యార్థికి చుట్టుకోదు.

జారిందో లేదో తెలుసుకోవడం

కొలత జారుతున్నప్పుడు దిద్దేవారికి ఆ సంగతి తెలియదు. దాన్ని పట్టుకోవడానికి ఫొటోలు ఇచ్చే సౌలభ్యం కాగితానికి లేదు. ఎర్ర సిరా పడిన కాగితాన్ని రెండోసారి కొత్తగా చూడలేం. ఫొటోకు మాత్రం మార్కులు లేని ప్రతి ఎప్పుడూ ఉంటుంది. మొదటి పదిహేనులోంచి తక్కువ, మధ్యస్థ, ఎక్కువ మార్కులు వచ్చిన ఐదు పత్రాలను సహోద్యోగి ఒకరు ఎంచి, వాటి శుభ్రమైన ప్రతులకు కొత్త సంఖ్యలు పెట్టి చివరి పదిహేనులో కలపాలి. ఇంగ్లండులోని పరీక్షా మండళ్లు కూడా కంప్యూటరు తెరపై దిద్దించేటప్పుడు, ముందే మార్కులు నిర్ణయించిన జవాబులను పరీక్షకులకు తెలియకుండా మధ్యమధ్య కలుపుతాయి.

మన ఉదాహరణలో ఆ ఐదు పత్రాలకు మొదట 2, 4, 5, 6, 7 మార్కులు వచ్చాయనుకుందాం. రెండోసారి 3, 5, 5, 7, 7 వచ్చాయి. మొత్తం 24 కాస్తా 27 అయింది. మూడు పెరిగాయి, ఒక్కటీ తగ్గలేదు. మార్పులన్నీ ఒకే దిశలో ఉంటే అది జారుడుకు సూచన. అలా కాకుండా రెండోసారి 3, 3, 5, 7, 6 వచ్చి ఉంటే మొత్తం మారకుండా 24 దగ్గరే ఉండేది. కానీ రెండు పెరిగి రెండు తగ్గాయి. అప్పుడు లోపం అలసటది కాదు, సూచికలోని అస్పష్టతది. దానికి మందు విశ్రాంతి కాదు, సూచికను మరింత స్పష్టంగా రాయడం. ఐదు పత్రాలతో ఏదీ పూర్తిగా రుజువు కాదన్నది నిజమే. కాని ఎక్కడ వెదకాలో అవి చెబుతాయి.

జారుడు కనిపించినప్పుడు చివరి పత్రాలన్నింటిలో సగటు తేడాను తీసివేయడం సులువైన మార్గంగా తోస్తుంది. అది తప్పు. ఉదారత అందరికీ సమానంగా అందలేదు. పూర్తి వివరణ రాసినవారికి అదనంగా ఏమీ రాలేదు, సగం వాక్యం రాసినవారికే వచ్చింది. అందరికీ ఒక మార్కు తగ్గిస్తే బాగా రాసినవారు అన్యాయంగా నష్టపోతారు. ఏ భాగంలో మార్కు మారిందో చూడటమే సరైన పని. ఇక్కడ పెరిగిన మూడు పత్రాలలోనూ తేడా వివరణ మార్కు దగ్గరే వచ్చింది. కాబట్టి మొదటి పదిహేను తరువాతి 45 పత్రాలలో ఆ ఒక్క భాగాన్నే, నిర్ణయాల పట్టికను ఎదురుగా పెట్టుకుని, మర్నాడు తిరిగి చూస్తే చాలు.

అలా చూసినప్పుడు యాభై రెండో పత్రంలో మూడు కారణాలూ, ఒక ఉపాయమూ ఉన్నాయని, రెండు వివరణ మార్కులు సగం వాక్యాలకే పడ్డాయని తేలింది. 6 మార్కులు 4 అయ్యాయి. ఒకవేళ తొమ్మిదో తరగతి విద్యార్థికి ఆ వాక్యం సరిపోతుందని ఉపాధ్యాయురాలు భావించి ఉంటే, పట్టికలోని తీర్పును మార్చి, ఆరో పత్రంతో సహా అరవైకీ వర్తింపజేయవలసి ఉండేది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. సూచికే కఠినంగానో, తప్పుగానో ఉంటే, అది అందరికీ ఒకేలా కఠినంగానో, తప్పుగానో వర్తిస్తుంది. ఆ లోపాన్ని రెండో ఉపాధ్యాయుని కన్ను మాత్రమే పట్టగలదు. కనుక పట్టికను, ప్రామాణిక పత్రాలను ఫలితాల తరువాత కూడా భద్రపరచాలి. తనకు 4 ఎందుకు వచ్చాయని ఒక విద్యార్థి అడిగితే, ఏ వాక్యానికి మార్కు రాలేదో, అదే వాక్యం రాసిన మిగతావారికీ ఎందుకు రాలేదో అప్పుడు చూపించవచ్చు.