మొదటి ఇంగ్లిష్ నవలను నాన్‌డిటెయిల్‌లా చదవండి

తెలుగు మీడియంలో చదువుకున్న చాలామంది ఇళ్లలో సగం చదివిన ఇంగ్లిష్ నవల ఒకటి ఉంటుంది. తెరిచి చూస్తే మొదటి పాతిక, ముప్పై పేజీల్లో పంక్తుల పైన పెన్సిల్‌తో రాసుకున్న తెలుగు అర్థాలు కనిపిస్తాయి. ఆ తరవాతి పేజీలన్నీ శుభ్రంగా ఉంటాయి. చదవడం అక్కడితో ఆగిపోయిందన్నమాట.

ఇందుకు కారణం చాలావరకు బడిలో, కాలేజీలో పడిన అలవాటే. ఇంటర్, డిగ్రీ ఇంగ్లిష్ పాఠాల్లో డిటెయిల్డ్, నాన్‌డిటెయిల్డ్ అని రెండు రకాలుండేవి. డిటెయిల్డ్ పాఠంలో ప్రతి మాటకూ అర్థం రాసుకోవాలి, ప్రతి వాక్యాన్నీ వివరించగలగాలి. నాన్‌డిటెయిల్డ్‌లో కథ తెలిస్తే చాలు. నవల ఈ రెండో కోవలోది. దాన్ని డిటెయిల్డ్ పాఠంలా చదవబోయినవారు మూడో అధ్యాయం దాటలేరు.

అయితే అర్థాలు రాసుకోకుండా చదవాలంటే పుస్తకం పాఠకుడి స్థాయికి దగ్గరగా ఉండాలి. ఎంత దగ్గరగా? న్యూజిలాండ్ భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్, హూ అనే పరిశోధకురాలితో కలిసి 2000లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. ఒకే కథలో కొన్ని మాటలు తీసేసి, వాటి స్థానంలో అర్థంలేని కల్పిత పదాలు పెట్టి విద్యార్థుల చేత చదివించారు. నూటికి ఇరవై మాటలు తెలియనప్పుడు కథ సరిగా అర్థమైనవారు ఒక్కరూ లేరు. తెలియనివి ఐదు శాతానికి తగ్గినప్పుడు కొందరికే అర్థమైంది. ఎక్కువమంది ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదువుకోవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని వారు తేల్చారు.

దీన్ని పుస్తకాల షాపులో నిలబడి ఎవరైనా వాడుకోవచ్చు. మామూలు నవలలో పేజీకి 250 నుంచి 300 మాటలుంటాయి. పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు వదిలేసి, తెలియని మాటలు లెక్కపెట్టాలి. ఐదారు వస్తే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. పది, పన్నెండు వస్తే కష్టపడి పూర్తిచేయవచ్చు. ఇరవై దాటితే ఆ పుస్తకాన్ని మరో ఏడాదికి వాయిదా వేయడం మంచిది. మొదటి పేజీని మాత్రం పరీక్షకు వాడకూడదు. అక్కడ చాలామంది రచయితలు చోటునీ వాతావరణాన్నీ వర్ణిస్తారు కాబట్టి లెక్క తప్పుతుంది.

పుస్తకం సన్నగా ఉంటే సులువని అనుకోవడం ఇంకో పొరపాటు. హెమింగ్వే రాసిన ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ చాలా చిన్న పుస్తకం, వాక్యాలూ చిన్నవే. కానీ అందులో అధ్యాయాల విభజన లేదు, ఊపిరి తీసుకునే చోటు దొరకదు. పైగా గాలాలు, పడవ తాళ్లు, సముద్రపు చేపల పేర్లు అడుగడుగునా అడ్డుపడతాయి.

మన దగ్గరి పాఠకుడికి మొదటి నవలగా ఆర్.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ను మించింది దొరకడం కష్టం. 1935లో లండన్‌లో అచ్చయిన ఈ నవలలో పందొమ్మిది చిన్న అధ్యాయాలున్నాయి. ఒక్కో అధ్యాయాన్ని ఒక్కో సాయంత్రం ముగించవచ్చు. అణాలు, మామిడిపళ్లు, పరీక్షలు, మనవడికి కథలు చెప్పే నాయనమ్మ, లెక్కలు చేయమని కూర్చోబెట్టే నాన్న అందులో ఉంటారు. మాట తెలియకపోయినా దృశ్యం తెలుసు కాబట్టి అర్థం ఊహకు అందుతుంది. శంకర్ నాగ్ తీసిన దూరదర్శన్ ‘మాల్గుడి డేస్’ చూసినవారికి ఇది మరింత తేలిక.

అయినా కష్టం వస్తుంది. ఎక్కడ వస్తుందో ముందే తెలిస్తే భయపడనక్కర్లేదు.

మొదటిది ఆరంభంలోనే. స్వామినాథన్, మణి, రాజం, సోము, శంకర్, శామ్యూల్ అంటూ పేర్లన్నీ దగ్గరదగ్గరగా వచ్చిపడతాయి. అట్ట లోపలి ఖాళీ పేజీలో ఒక్కొక్క పేరూ, ఎదురుగా ఒక గుర్తూ రాసుకుంటే చాలు: మణి బలశాలి, రాజం పోలీసు అధికారి కొడుకు. డిక్షనరీ కంటే ఈ చిట్టాయే ముందు అక్కరకొస్తుంది.

రెండోది పన్నెండో అధ్యాయంలో. అప్పటిదాకా బడి, ఆటలు అంటూ నడిచిన కథ 1930 నాటి స్వాతంత్ర్యోద్యమంలోకి మళ్లుతుంది. ఊళ్లో సభ, ఉపన్యాసం, విదేశీ బట్టల దహనం, సమ్మె, బడి కిటికీ అద్దాలు పగలడం ఇందులో వస్తాయి. వాక్యాలు పొడుగవుతాయి, మాటలు బరువెక్కుతాయి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, మనిషిని వర్ణించే మాటలన్నీ అతని పేరుకు ముందే వచ్చేస్తాయి. ఇంగ్లిష్‌లో పేరు ముందొచ్చి, వర్ణన దాని వెనక వేలాడుతుంది. అందుకని పొడుగు వాక్యం దగ్గర ముందు ఎవరు, ఏం చేశారు అన్న రెండింటినే పట్టుకోవాలి. నడుమనున్న భాగాన్ని రెండోసారి చదివేటప్పుడు కలుపుకోవచ్చు. ఉపన్యాసంలో సగం జారిపోయినా స్వామి ఎందుకు రాయి విసిరాడో తెలిస్తే ఆ అధ్యాయం అందినట్టే.

మూడోది తమాషా అయిన చోటు. పిల్లలు క్రికెట్ జట్టు పెట్టుకుని, బ్యాట్లూ బంతులూ పంపమని మద్రాసులోని ఒక కంపెనీకి ఉత్తరం రాస్తారు. ఆ ఉత్తరం ఇంగ్లిష్ తప్పులతడకగా ఉంటుంది. కొత్త పాఠకులు తమకే అర్థం కాలేదనుకుంటారు, నిజానికి రచయిత కావాలనే అలా రాశారు. పాతిక శాతం సొమ్ము ముందు పంపమని కంపెనీ ఇచ్చిన జవాబులోని మాటలు పిల్లలకు బోధపడవు. మరెవరికో రాసిన ఉత్తరం తమకు వచ్చిందని తీర్మానించి దాన్ని తిప్పి పంపేస్తారు.

ఇక డిక్షనరీ సంగతి. ఏ నవలనైనా తీసుకుని అందులోని వేర్వేరు మాటల జాబితా వేస్తే, అందులో దాదాపు సగం మాటలు పుస్తకం మొత్తం మీద ఒక్కసారే కనిపిస్తాయి. అంటే కష్టపడి వెతికి రాసుకున్న మాట మళ్లీ ఎదురుపడకపోవచ్చు. కాబట్టి తెలియని మాట కింద సన్నగా గీత గీసి ముందుకు సాగాలి. అదే మాట మూడోసారి వచ్చినా, లేదా దాని వల్లే కథ ఆగిపోయినా, అప్పుడు డిక్షనరీ తీయాలి. మిగతావి అధ్యాయం అయ్యాక, ఓపిక ఉంటే చూసుకోవచ్చు.

ప్రతి అధ్యాయం చివర పుస్తకం మూసి, ఏం జరిగిందో తెలుగులో మూడు వాక్యాల్లో చెప్పుకోవాలి. చెప్పగలిగితే ఎన్ని మాటలు తెలియకపోయినా చదువు సాగుతున్నట్టే. వరసగా రెండు అధ్యాయాలు చెప్పుకోలేకపోతే పుస్తకం స్థాయి మించిందని గుర్తు. అప్పుడు పట్టుదలకు పోవద్దు. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ వంటి పుస్తకాలు ఇందుకే ఉన్నాయి. వాటి మొదటి దశ 400 మూల పదాలతో, ఆరో దశ 2,500 మూల పదాలతో రాసి ఉంటుంది. నాలుగో, ఐదో దశలో రెండు మూడు చదివి మళ్లీ నవలకు రావచ్చు. అసలు నవలల్లో పదసంపద ఇంతకంటే చాలా ఎక్కువ కాబట్టి, ఆరో దశ దాటినవారికి కూడా మొదటి నవల కొంత గుచ్చుకుంటుంది. దాన్ని తమ లోపంగా భావించనక్కర్లేదు.

స్వామి కథ పూర్తయ్యాక వెంటనే వేరే రచయిత దగ్గరికి వెళ్లకండి. నారాయణ్ దే, మాల్గుడిలోనే నడిచే ‘ది బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్’ 1937లో వచ్చింది. ఒకే రచయిత మాటతీరు, ఒకే ఊరు కాబట్టి తెలియని మాటలు రెండో పుస్తకంలో బాగా తగ్గుతాయి. తరవాత చదవాల్సింది అదే.