జీతాల లెక్క బయటివాళ్లది, బాధ్యత ఆడిటర్‌ది

హైదరాబాద్ శివార్లలో 1,200 మంది పనిచేసే మందుల కంపెనీ ఒకటి ఉందనుకుందాం. అక్కడ జీతాల లెక్కంతా ఒక బయటి పేరోల్ సంస్థే చేస్తుంది. ఆ సంస్థకు ఖాతాదారులు చాలామంది. అందరి ఆడిటర్లూ వచ్చి తనిఖీ చేస్తామంటే దాని పని సాగదు. అందుకే అది తానే ఒక ఆడిటర్‌ను పెట్టుకుని, తన కంట్రోళ్లను పరీక్ష చేయించి, వచ్చిన నివేదికను ఖాతాదారులకు ఇస్తుంది. అమెరికా పద్ధతిలో దాని పేరు సాక్-1. మన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ప్రమాణాల్లో అది ఎస్ఏఈ 3402 కిందికి వస్తుంది. ఆఫీసుల్లో మాత్రం ఏదైనా ‘సాక్ రిపోర్టే’. దాన్ని అందుకున్న కంపెనీ ఆడిటర్ ఎలా వాడుకోవాలో ఎస్ఏ 402 చెబుతుంది.

ముందు చేతికొచ్చింది ఏ రిపోర్టో చూడాలి. సాక్-2 పంపి అదే సరిపోతుందనుకునే కంపెనీలు ఉన్నాయి. అది ప్రధానంగా డేటా భద్రత గురించి చెప్పేది, ఖాతాల లెక్కల కోసం రాసింది కాదు. సాక్-1లోనూ టైప్-1 అయితే ఒక తేదీన కంట్రోళ్లు సరిగ్గా రూపొందించి, అమల్లో పెట్టారా అన్నంత వరకే చెబుతుంది. అవి నెలల తరబడి నిజంగా పనిచేశాయా అన్నది టైప్-2లోనే ఉంటుంది.

మన కంపెనీకి వచ్చింది టైప్-2. ఆడిటర్ అభిప్రాయంలో వంక ఏమీ లేదు. చాలామంది అక్కడితో ఫైలు మూసేస్తారు. నా దృష్టిలో చదవడం అక్కడే మొదలవుతుంది.

వెనక ఉన్న పరీక్షల పట్టికలో ఒక వరుస ఇలా ఉంది: పేరోల్ సంస్థలో ఉద్యోగం మానేసినవారి 25 శాంపిళ్లలో ఇద్దరి లాగిన్లు ఆలస్యంగా తీసేశారు. మొత్తం అభిప్రాయం మారేంత తప్పు కాదని ఆ ఆడిటర్ తేల్చారు. కానీ ఆ ఇద్దరికీ మన కంపెనీ ఉద్యోగుల బ్యాంకు ఖాతా నంబర్లు మార్చే అధికారం ఉందా? మానేశాక ఆ లాగిన్లు వాడారా? ఇవి పేరోల్ సంస్థను అడగాల్సిన ప్రశ్నలు. నోటిమాట చాలదు, లాగిన్ రికార్డు చూడాలి.

అసలు పని మిగిలేది ఇంకో పేజీలో. ‘ఖాతాదారు సంస్థ చేయాల్సిన కంట్రోళ్లు’ అని ఒక జాబితా ఉంటుంది. ఉద్యోగం మానేసినవారి వివరాలు కటాఫ్ తేదీలోపు పంపాలి, జీతం పెంపును అధికారం ఉన్నవారే ఆమోదించాలి, ప్రతినెలా పేరోల్ రిజిస్టర్‌ను పరిశీలించాలి. ఇవన్నీ కంపెనీ చేస్తుందన్న నమ్మకం మీదే పేరోల్ సంస్థ కంట్రోళ్లు నిలబడతాయి. కానీ వాటిని ఆ నివేదిక రాసిన ఆడిటర్ పరీక్షించరు. అది పూర్తిగా కంపెనీ ఆడిటర్ వంతు.

కాబట్టి ఆయన ఆ ఏడాది కంపెనీ నుంచి వెళ్లిపోయిన 25 మందిని ఎంచుకుని, ఒక్కొక్కరి ఆఖరి పనిదినాన్ని హెచ్‌ఆర్ పంపిన మెయిల్ తేదీతో పోల్చారు. కటాఫ్ ప్రతినెలా 20. ముగ్గురి విషయంలో మెయిల్ ఆలస్యంగా వెళ్లింది, మరుసటి నెల పూర్తి జీతం పడిపోయింది. పేరోల్ సంస్థ తప్పు ఇందులో ఏమీ లేదు, దానికి తెలిసిన లెక్క ప్రకారమే అది జీతం వేసింది. రిజిస్టర్ పరిశీలించినట్టు మేనేజర్ సంతకం మాత్రం ప్రతినెలా ఉంది. దేనితో పోల్చి సంతకం పెట్టారని అడిగితే, మొత్తం అంకె గత నెలకు దగ్గరగా ఉందా లేదా అన్నదే చూశానన్నారు. 1,200 మంది జీతాల్లో ముగ్గురివి అలా చూస్తే కనబడవు. అందువల్ల ఆడిటర్ ఆ కంట్రోల్‌ను నమ్మడం మానేసి, ఏడాదంతా వెళ్లిపోయినవారి జాబితా మొత్తాన్ని బ్యాంకు చెల్లింపుల ఫైలుతో సరిపోల్చాల్సి వచ్చింది.

ఇంకా తేదీల చిక్కు ఒకటుంది. రిపోర్టు 2024 జనవరి నుంచి డిసెంబరు వరకు. కంపెనీ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై 2025 మార్చితో ముగుస్తుంది. అంటే చివరి మూడు నెలలకు పరీక్షల ఆధారం లేదు. ‘డిసెంబరు తర్వాత ముఖ్యమైన మార్పులేమీ లేవు’ అంటూ పేరోల్ సంస్థ ఒక లేఖ ఇస్తుంది. దీన్ని బ్రిడ్జ్ లెటర్ అంటారు. సంతకం ఆ సంస్థ యాజమాన్యానిదే, దాని వెనక ఏ ఆడిటర్ పరీక్షా ఉండదు. కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారారా, లెక్కల పద్ధతి మార్చారా అని విడిగా వాకబు చేయాలి. మార్పేమీ లేకపోయినా ఫిబ్రవరి లాంటి ఒక నెల తీసుకుని, కొందరి జీతాన్ని నియామక పత్రం, హాజరు, పీఎఫ్ లెక్కలతో ఆడిటరే మొదటినుంచి కట్టి చూడటం మేలు. జనవరిలో సాఫ్ట్‌వేర్ మారిందని తేలితే, డిసెంబరు దాకా చేసిన పరీక్షలు ఆ కొత్త వ్యవస్థ గురించి ఏమీ చెప్పవు. అప్పుడు ఆ మూడు నెలల జీతాలను కంపెనీ రికార్డుల నుంచే నేరుగా పరీక్షించాలి.